పిస్టన్ కింద గాలి: పీడనం, ఘనపరిమాణం రెండూ తెలియనప్పుడు దేన్ని స్థిరంగా తీసుకోవాలి?

మధుర_ఎంపీసీ

అందరికీ నమస్కారం. ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతున్నాను. వాయువుల పాఠంలో ఒక లెక్క దగ్గర ఆగిపోయాను.

నిలువుగా నిలబెట్టిన సిలిండర్‌లో పిస్టన్ కింద గాలి ఉంది. పిస్టన్ వైశాల్యం 50 చదరపు సెంటీమీటర్లు, ద్రవ్యరాశి 10 కిలోలు, ఘర్షణ లేదు. మొదట పిస్టన్ అడుగు నుంచి 20 సెం.మీ. ఎత్తులో ఉంది, ఉష్ణోగ్రత 27 డిగ్రీల సెల్సియస్. 30 సెం.మీ. ఎత్తులో సిలిండర్ లోపలి గోడకు అడ్డుపట్టీలు ఉన్నాయి, పిస్టన్ వాటిని దాటి పైకి పోలేదు. గాలిని 327 డిగ్రీల వరకు వేడిచేస్తే లోపలి పీడనం ఎంత? వాతావరణ పీడనం 100 కిలోపాస్కల్, g = 10 అని ఇచ్చారు.

వెనక జవాబుల పట్టికలో 160 కిలోపాస్కల్ అని ఉంది. నా స్నేహితురాలికి 133 వచ్చింది. నేనైతే P₁V₁/T₁ = P₂V₂/T₂ రాసుకుని కూర్చున్నాను. P₂ తెలియదు, V₂ తెలియదు. కొన్ని లెక్కల్లో పీడనం స్థిరం అంటారు, కొన్నింటిలో ఘనపరిమాణం స్థిరం అంటారు. ఏది ఎప్పుడో ఎలా తెలుస్తుంది?

గోదారి_గట్టు

ఇందులో అంత ఆలోచించడానికి ఏముంది తల్లీ! పిస్టన్ కదలగలిగితే పీడనం మారదు, బయట ఎంత ఉందో లోపలా అంతే. 300 కెల్విన్ నుంచి 600కు పోయింది, అంటే రెట్టింపు. అడ్డు లేకపోతే ఎత్తు 40 సెం.మీ. అయ్యేది. 30 దగ్గరే ఆపేశారు కాబట్టి 100ని 40/30తో గుణించు, 133 వస్తుంది. నీ స్నేహితురాలే సరిగ్గా చేసింది. గైడులో అచ్చుతప్పు పడి ఉంటుంది, ఈ గైడులకు అది మామూలే.

పాత_చాక్‌పీసు

గట్టు గారూ, 40/30తో గుణించడం చక్కటి ఉపాయం, దాన్ని ఉంచుకుందాం. దేన్ని గుణించాలన్న దగ్గరే తేడా వచ్చింది. పది కిలోల పిస్టన్ గాలి మీద కూర్చుని ఉంది, దాని బరువు ఎవరు మోస్తున్నారు?

మధురా, నువ్వు ఆగిపోయిన చోటే అసలు విషయం ఉంది. తెలియనివి రెండు, చేతిలో ఉన్న సమీకరణం ఒకటి. PV = nRT అనేది వాయువు గురించి మాత్రమే చెబుతుంది. పైన పిస్టన్ ఉందా, స్ప్రింగు ఉందా, అడ్డుపట్టీ ఉందా అన్నది దానికి పట్టదు. ఆ సంగతి చెప్పేది పిస్టన్ మీది బలాల లెక్క. నీకు కావలసిన రెండో సమీకరణం అదే.

కాగితం మీద సిలిండర్‌ను గీయకు, గాలినీ గీయకు, ఒక్క పిస్టన్‌ను మాత్రమే గీయి. కింద నుంచి గాలి పైకి నెడుతోంది, P × A. పై నుంచి వాతావరణం కిందికి నెడుతోంది, P₀ × A. బరువు కిందికి లాగుతోంది, mg. పిస్టన్ నిలకడగా ఉందంటే పైకి, కిందికి సమానం. అంటే P = P₀ + mg/A. బరువు 100 న్యూటన్లు, వైశాల్యం 0.005 చదరపు మీటర్లు, భాగిస్తే 20 కిలోపాస్కల్. కాబట్టి మొదటి నుంచీ లోపలి పీడనం 100 కాదు, 120.

ఈ సమీకరణంలో ఎత్తు లేదు, ఉష్ణోగ్రతా లేదు. అందువల్లే మెల్లగా వేడిచేస్తున్నంతసేపు పీడనం 120 దగ్గరే ఉంటుంది. ‘పిస్టన్ కదిలితే పీడనం స్థిరం’ అని బట్టీ పట్టడం వేరు, ఈ మూడు బలాల్లో ఏదీ మారలేదు కాబట్టి స్థిరం అని తెలుసుకోవడం వేరు. పిస్టన్ మీదికి ఇంకో బలం వచ్చిన క్షణాన ఆ బట్టీ సూత్రం చెల్లదు.

ఇక లెక్క. పీడనం 120 దగ్గరే ఉండగా ఎత్తు 20 నుంచి 30కి చేరాలంటే ఉష్ణోగ్రత 300 × 30/20 = 450 కెల్విన్ కావాలి, అంటే 177 డిగ్రీలు. అక్కడ పిస్టన్ పట్టీలకు తగిలింది. ఇక మీదట ఘనపరిమాణం మారదు. 450 నుంచి 600కు పీడనం 120 × 600/450 = 160. గట్టు గారి పద్ధతిలోనూ 120 × 40/30 = 160. గైడు ఈసారికి నిర్దోషి.

మధుర_ఎంపీసీ

సార్, ఇప్పుడు అర్థమైంది. కానీ ఒక అనుమానం. 327 డిగ్రీలు ఇచ్చారు కాబట్టి పిస్టన్ పట్టీలకు తగిలిందని చూశాం. పరీక్షలో 150 డిగ్రీలు ఇస్తే? తగిలిందో లేదో ముందుగా ఎలా తెలుస్తుంది?

పాత_చాక్‌పీసు

ముందుగా తెలియదు. ఒకటి అనుకుని లెక్క చేసి, వచ్చిన జవాబు కుదురుతుందో లేదో చూడాలి.

పిస్టన్ ఇంకా గాలి మీదే తేలుతోందనుకో, పీడనం 120 పెట్టి ఎత్తు కనుక్కో. 150 డిగ్రీలంటే 423 కెల్విన్, ఎత్తు 28.2 సెం.మీ. వస్తుంది. 30 కంటే తక్కువ, కాబట్టి అనుకున్నది సరే. 327 డిగ్రీలకు అదే చేస్తే 40 వస్తుంది. పిస్టన్ పట్టీల్లోంచి దూరిపోయిందన్న మాట! అది జరగదు కాబట్టి అనుకున్నది తప్పు, పట్టీకి తగిలే ఉంది.

రెండో వైపు నుంచి కూడా పరీక్షించవచ్చు. పట్టీకి తగిలిందనుకుని ఎత్తు 30 పెట్టు, పీడనం కనుక్కో, ఆ తర్వాత పట్టీ పిస్టన్‌ను ఎంత బలంతో కిందికి నొక్కుతోందో చూడు. 600 కెల్విన్ దగ్గర (160 − 120) కిలోపాస్కల్‌ను 0.005తో గుణిస్తే 200 న్యూటన్లు కిందికి. సబబుగానే ఉంది. 423 కెల్విన్ దగ్గర పీడనం 112.8 వస్తుంది, 120 కంటే తక్కువ. అంటే పట్టీ పిస్టన్‌ను పైకి లాగి పట్టుకోవాలి. పట్టీ నెట్టగలదు గానీ లాగలేదు. రుణ సంఖ్య వచ్చిందంటే పిస్టన్ అక్కడికి చేరలేదనే.

చల్లార్చేటప్పుడు పిల్లలు ఎక్కువగా పొరబడే సంగతి ఇంకొకటి ఉంది. 600 నుంచి చల్లార్చడం మొదలుపెడితే పిస్టన్ వెంటనే దిగదు. 450 వరకు పట్టీకే ఆనుకుని ఉంటుంది, పీడనం మాత్రమే 160 నుంచి 120కి దిగుతుంది. ఆ తర్వాతే ఎత్తు తగ్గడం మొదలవుతుంది.

హైవే_సారథి

నాకు పిస్టన్ల సంగతి తెలియదు కానీ మీ మాటలు చదివాక ఒకటి అడగాలనిపించింది. నాది కారు అద్దెల వ్యాపారం. పొద్దున టైరులో 33 పీఎస్ఐ పెట్టి బయలుదేరితే ఎండలో హైవే మీద నడిచాక 38 చూపిస్తుంది. మా అబ్బాయి లెక్క వేసి, టైరు 27 డిగ్రీల నుంచి 57కు వేడెక్కితే 36 దాటకూడదు, గేజి పాడైపోయింది అంటాడు. గేజి మార్చాలా?

వాల్వ్_రిపేరు

గేజి మార్చకండి. మీ అబ్బాయి 33ని 330/300తో గుణించాడు, 36.3 వచ్చింది. గేజి చూపేది బయటి గాలి కంటే లోపల ఎంత ఎక్కువుందో అంతే. పంక్చరైన టైరులోనూ వాతావరణ పీడనం ఉంటుంది, గేజి మాత్రం సున్నా చూపిస్తుంది. లెక్క వేసేటప్పుడు ఆ 14.7 కలపాలి. 47.7ని 1.1తో గుణిస్తే 52.5, మళ్లీ 14.7 తీసేస్తే 37.8. మీ గేజి చూపిన 38 అదే. ఇక్కడ టైరు ఘనపరిమాణం మారలేదనుకున్నాం, అది కొంచెం ఉజ్జాయింపే. ఇంకో మాట, వేడి మీద 38 చూసి గాలి తీసేయకండి. పొద్దునకి తక్కువైపోతుంది.

మధురా, నేను కర్మాగారంలో కంప్రెసర్ల దగ్గర పనిచేస్తాను. అడ్డుపట్టీ లెక్క వచ్చింది కాబట్టి ఇంకో మెట్టు ఎక్కు. అదే సిలిండర్, అదే గాలి, కానీ 30 సెం.మీ. దగ్గర పట్టీ బదులు పైకప్పుకు బిగించిన స్ప్రింగు ఉందనుకో. పిస్టన్ దానికి తగిలాక స్ప్రింగు నలుగుతుంది. దాని స్థిరాంకం మీటరుకు 2000 న్యూటన్లు. అదే 327 డిగ్రీలకు పిస్టన్ ఎక్కడ ఆగుతుంది? ఈసారి పీడనమూ స్థిరం కాదు, ఘనపరిమాణమూ స్థిరం కాదు.

గోదారి_గట్టు

స్ప్రింగు ఉంటే సగటు పీడనం తీసుకుంటే సరిపోదా? మొదట 120, చివర ఎంతో అంత, రెండూ కలిపి సగం చేస్తే చాలు.

వాల్వ్_రిపేరు

సగటు పనికివచ్చే చోటు ఉంది. స్ప్రింగును నొక్కుతూ గాలి ఎంత పని చేసిందో కట్టాలంటే సగటు సరిగ్గా సరిపోతుంది, ఎందుకంటే అక్కడ పీడనం ఎత్తుతో పాటు సరళరేఖలో పెరుగుతుంది. కానీ చివరి స్థితికి సగటుతో సంబంధం లేదు. PV = nRT ఏ క్షణానికి రాస్తే ఆ క్షణపు పీడనమే వేయాలి.

సైన్సు_టీచరమ్మ

నాకు మీ అందరి మీదా ఒక ఫిర్యాదు ఉంది. ‘ఘర్షణ లేదు’ అన్న మాటను అందరూ ఇట్టే దాటేస్తున్నారు. మా బడిలో పిల్లలకు ఇదే చూపిద్దామని 10 మిల్లీలీటర్ల ప్లాస్టిక్ సిరంజి తీసుకుని, మూతికి బిరడా బిగించి, 6 మిల్లీలీటర్ల దగ్గర పెట్టి వేడి నీళ్లలో ముంచాను. 27 నుంచి 57 డిగ్రీలకు గాలి పదో వంతు పెరగాలి, అంటే 6.6కు రావాలి. ముల్లంత కూడా కదల్లేదు. పిల్లలు నవ్వారు. లోపలి పిడిని వేలితో నొక్కి వదిలితే ఒక చోట ఆగుతుంది, పైకి లాగి వదిలితే ఇంకో చోట ఆగుతుంది. రెండింటి మధ్య ఒక గీతకు పైగా తేడా. ఇంతకీ ఏది నిజమైన ఘనపరిమాణం?

పాత_చాక్‌పీసు

అమ్మా, మీ సిరంజి సరిగ్గానే ప్రవర్తించింది. పిడి కదలకపోతే పదో వంతు వేడికి పీడనం పదో వంతు పెరుగుతుంది, అంటే 10 కిలోపాస్కల్. 10 మిల్లీలీటర్ల సిరంజి లోపలి వ్యాసం దాదాపు 14.5 మి.మీ. ఉంటుంది, వైశాల్యం 1.65 చదరపు సెంటీమీటర్లు. గుణిస్తే నెట్టే బలం 1.65 న్యూటన్లు, అంటే 165 గ్రాముల బరువు. పిడి చివర ఉన్న నల్ల రబ్బరును కదిలించడానికి అంతకంటే ఎక్కువే కావాలి. కాబట్టి మీరు చేసింది ఘనపరిమాణం స్థిరంగా ఉంచిన ప్రయోగం, మీకు తెలియకుండానే.

ఘర్షణ ఉన్నప్పుడు బలాల సమీకరణం ఒక్క పీడనాన్ని ఇవ్వదు, ఒక పరిధిని ఇస్తుంది. ఆ పరిధిలో ఎక్కడైనా పిడి ఆగిపోగలదు. మీరు పై నుంచి, కింది నుంచి చూసిన రెండు చోట్లూ ఆ పరిధికి రెండు కొనలు. నేనైతే రెండింటి సగటు తీసుకుంటాను, అదీ ఉజ్జాయింపుకే. నునుపుగా అరగదీసిన గాజు సిరంజి దొరికితే ఒక చుక్క నూనె వేసి వాడండి, చాలావరకు తగ్గుతుంది. ఆ రబ్బరు సిరంజితోనే చేయాల్సి వస్తే పిడిని గుండ్రంగా తిప్పుతూ చూడండి. తిరుగుతున్నప్పుడు ఘర్షణ చాలావరకు తిరిగే దిశకే ఖర్చయిపోతుంది, పిడి తన చోటికి తాను జరుగుతుంది.

సైన్సు_టీచరమ్మ

తిప్పి చూశాను. 6.5 దగ్గర ఆగింది. నీళ్లు అప్పటికి కొంచెం చల్లారాయి కాబట్టి నాకు సంతోషమే.

గోదారి_గట్టు

సరే, నాది ఇంకో లెక్క. మొదటి సిలిండరే, 20 సెం.మీ. ఎత్తు, 27 డిగ్రీలు. వేడిచేయడం లేదు. పిస్టన్ మీద 20 కిలోల రాయి పెట్టేశాం. గది ఉష్ణోగ్రత మారలేదు కాబట్టి T స్థిరం. పీడనం 120 నుంచి 160 అయింది, ఎత్తు 20 × 120/160 = 15 సెం.మీ. ఇందులో ఇక వంక పెట్టడానికి ఏమీ లేదు కదా?

వాల్వ్_రిపేరు

ఉంది. గది ఉష్ణోగ్రత మారలేదు నిజమే, గాలి ఉష్ణోగ్రత మారలేదని ఎవరు చెప్పారు? రాయి పడగానే పిస్టన్ గాలిని నొక్కుతుంది, గాలి వేడెక్కుతుంది. ఆ వేడి గోడల్లోంచి పోవడానికి సమయం పడుతుంది. మా కంప్రెసర్ తలను నడుస్తుండగా ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది, అక్కడ ఎవరూ నిప్పు పెట్టలేదు.

గోడలు వేడిని బయటికి పోనివ్వవు అనుకుని కట్టి చూద్దాం. రాయి, పిస్టన్, వాతావరణం కలిసి 160 కిలోపాస్కల్‌తో నొక్కుతూ గాలి మీద పని చేశాయి. ఆ పనంతా గాలి అంతర్గత శక్తిగా మారింది. గాలికి Cv = 5R/2. P₁ = 120, P₂ = 160, ఎత్తు h సెం.మీ. అనుకుంటే:

2.5 × (160h − 120 × 20) = 160 × (20 − h)

సాధిస్తే h = 16.4 సెం.మీ., ఉష్ణోగ్రత దాదాపు 329 కెల్విన్, అంటే 56 డిగ్రీలు. మామూలు లోహపు గోడలైతే పిస్టన్ మొదట ఈ దరిదాపుల్లో నిలిచి, గాలి చల్లారుతున్న కొద్దీ మెల్లగా 15కు దిగుతుంది. మీ 15 తప్పు కాదు, అది ఆఖరి మజిలీ.

గోదారి_గట్టు

మరి పరీక్షలో ఏది రాయాలి? 16.4 రాస్తే ఎవరైనా మార్కులు వేస్తారా?

పాత_చాక్‌పీసు

ప్రశ్నలో ఏముందో దాన్ని బట్టి. ఉష్ణబంధక గోడలు, రాయిని ఒక్కసారిగా పెట్టారు అని ఉంటే 16.4. ఉష్ణవాహక గోడలు, చాలాసేపటి తర్వాత అని ఉంటే 15. రెండూ లేకపోతే ప్రశ్న ఇచ్చినవారిదే లోపం, కానీ ఇంటర్ స్థాయిలో 15నే ఆశిస్తారు.

అయితే వాల్వ్ గారి లెక్కలో ఒక మాట నాకు మింగుడు పడలేదు. ఘర్షణ లేని పిస్టన్ మీద రాయి పడితే అది 16.4 దగ్గర నిలవదు. అక్కడికి వేగంతో వస్తుంది, దాటి కిందికి పోతుంది, మళ్లీ పైకి లేస్తుంది. గాలి స్ప్రింగులా ఊగిస్తుంది. 1929లో జర్మనీకి చెందిన ఎడువర్డ్ రూఖార్ట్ ఈ ఊగుడునే పనికి వాడుకున్నాడు. పెద్ద గాజు పాత్ర మూతికి బిగించిన సన్నటి గొట్టంలో ఉక్కు గుండు వదిలి, అది ఊగే కాలాన్ని కొలిచి గాలి విశిష్టోష్ణాల నిష్పత్తిని కనుక్కున్నాడు. మీ పిస్టన్ ఆగాలంటే ఊగుడు శక్తి ఎక్కడికో పోవాలి. ఎక్కడికి?

వాల్వ్_రిపేరు

గాలిలోకే. గాలికీ స్నిగ్ధత ఉంది, పిస్టన్ కదులుతుంటే లోపల ధ్వని తరంగాలు పుడతాయి, చివరికి అన్నీ వేడిగానే మారతాయి. నా సమీకరణం ఆ మొత్తాన్ని గాలికే జమ కట్టింది.

పాత_చాక్‌పీసు

కాగితం మీది సిలిండర్‌కు అది సరే. మీరు రోజూ చూసే సిలిండర్‌లో ఊగుడును ఆపేది పిస్టన్ చుట్టూ ఉన్న సీలు. ఆ వేడి సీలుకూ లోహానికీ పోతుంది, గాలికి పూర్తిగా రాదు. అప్పుడు గాలి 329 కంటే తక్కువ దగ్గర ఆగుతుంది, ఎత్తు కూడా 16.4 కంటే కొంచెం తక్కువే.

వాల్వ్_రిపేరు

సీలు వేడి ఎటు ఎంత పంచుకుంటుందో కాగితం మీద తేలదు సార్. మా దగ్గర అయితే సీలు పక్కనుంచి కాస్త గాలి కూడా జారిపోతుంది, అప్పుడు n కూడా మారిపోయి లెక్క మొత్తం మళ్లీ మొదటికి వస్తుంది. ఈ విషయంలో మీతో వాదన తెగదు.

మధుర_ఎంపీసీ

స్ప్రింగు లెక్క చేశాను, చూడండి. 30 సెం.మీ. వరకు పాత కథే, 450 కెల్విన్ దగ్గర తగిలింది. ఆ తర్వాత స్ప్రింగు x మీటర్లు నలిగిందనుకున్నాను. పిస్టన్ బొమ్మలో నాలుగో బలం వచ్చింది, kx కిందికి. కాబట్టి కిలోపాస్కల్‌లలో P = 120 + 400x. ఎత్తు 0.3 + x. వైశాల్యం రెండు వైపులా కొట్టివేసి, పీడనం × ఎత్తు ÷ ఉష్ణోగ్రత మొదట 120 × 0.2/300 = 0.08 కాబట్టి 600 కెల్విన్‌కు:

(120 + 400x)(0.3 + x) = 48

సాధిస్తే x = 0.046, అంటే 4.6 సెం.మీ. ఇంకో మూలం రుణాత్మకం, వదిలేశాను. ఎత్తు 34.6 సెం.మీ., పీడనం 138.6. పట్టీ ఉంటే 160 వచ్చేది, అడ్డే లేకపోతే 120 దగ్గర 40 సెం.మీ. వచ్చేది. ఇది రెండింటి మధ్యలో పడింది కాబట్టి సరైనదే అనిపిస్తోంది.

ఇంకొకటి కూడా ప్రయత్నించాను. పట్టీలు, స్ప్రింగు లేని మొదటి సిలిండర్‌నే 27 డిగ్రీల దగ్గర తలకిందులు చేస్తే బరువు గాలి నుంచి దూరంగా లాగుతుంది, పీడనం 100 − 20 = 80, ఎత్తు 30 సెం.మీ. పడుకోబెడితే 100, ఎత్తు 24. సరేనా సార్?

పాత_చాక్‌పీసు

అన్నీ సరే. మధ్యలో పడిందా లేదా అని చూసుకున్నావే, అది నాకు లెక్క కంటే నచ్చింది. తలకిందుల సిలిండర్‌లో పిస్టన్ ద్రవ్యరాశిని పెంచుకుంటూ పో. 40 కిలోలకు ఎత్తు ఎంత? 50 కిలోలకు?

మధుర_ఎంపీసీ

10 కిలోలకు 120 × 20 = 2400 కదా, అదే గాలి, అదే ఉష్ణోగ్రత కాబట్టి 2400నే వాడాను. 40 కిలోలకు పీడనం 20, ఎత్తు 120 సెం.మీ. వచ్చింది. 50 కిలోలకు పీడనం సున్నా వస్తోంది, ఎత్తు అనంతం!

గోదారి_గట్టు

అంటే పిస్టన్ కింద పడిపోయినట్టే. ఇది మాత్రం నేను లెక్క లేకుండానే చెప్పగలను.

సైన్సు_టీచరమ్మ

గట్టు గారూ, ఘర్షణ ఉంటే పడదు. మా రబ్బరు సిరంజి పిడికి బరువు కట్టి వేలాడదీసి చూడండి.